చర్మం ఫోటోతో పాటు డాక్టర్‌కు ఏమేం రాసి పంపాలి

"ఫోటో ఇంత క్లియర్‌గా తీసి పంపాను కదా, మళ్ళీ ఇన్ని ప్రశ్నలెందుకు డాక్టర్ గారూ?" ఫోన్‌లో చర్మ సమస్యలు చూసే డాక్టర్‌గా ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంది. కోపం న్యాయమైనదే. ఫోటో పంపితే మందు పేరు వస్తుందనుకుంటే, పది ప్రశ్నలు వచ్చిపడతాయి. ఒక్కొక్కదానికి జవాబిస్తూ పోతే సగం రోజు అక్కడే అయిపోతుంది.

ఫోటోలో మచ్చ రంగు, ఆకారం కనిపిస్తాయి. అది మొన్న ఎలా ఉండేదో కనిపించదు. రాత్రి మీకు నిద్ర పట్టిందో లేదో కనిపించదు. ఉదయం దాని మీద ఏ ట్యూబ్ రాశారో అసలే కనిపించదు. తామర, ఎగ్జిమా, సోరియాసిస్ మూడూ ఫోటోలో ఒకేలా కనిపించే సందర్భాలు ఉంటాయి. వాటిని విడదీసేది చాలాసార్లు మీరు రాసే నాలుగు వాక్యాలే. అవి ఎలా రాయాలో వరుసగా చెబుతాను.

ముందు ఇది చూసుకోండి: మెసేజ్ రాస్తూ కూర్చోకూడని సందర్భాలు

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక, ముఖం వాస్తున్నా, ఊపిరి ఆడకపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి లేదా ఊదా రంగు చుక్కలు వచ్చి, గాజు గ్లాసుతో నొక్కినా వాటి రంగు పోకపోతే ఆలస్యం చేయవద్దు. నోట్లో, కళ్ళలో, మర్మాంగాల దగ్గర పుండ్లు పడి చర్మం ముట్టుకుంటేనే నొప్పిగా ఉన్నా, ఊడివస్తున్నా అంతే. గంటల్లోనే పాకిపోతూ భరించలేనంత నొప్పి పెడుతున్న వాపు కూడా ఈ జాబితాలోదే. వీటిలో ఏది ఉన్నా ఫోటోలు తర్వాత. వాడుతున్న మందుల స్ట్రిప్పులు మాత్రం చేతిలో పట్టుకుని బయలుదేరండి.

కావలసినవి

జ్వరం చూసే థర్మామీటర్, ఒక బాల్‌పెన్, కొంచెం దూది, క్యాలెండర్. వీటితో పాటు ఇప్పటిదాకా రాసుకున్న ట్యూబులు, వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక చోట పెట్టుకోండి. ఖాళీ అయిపోయిన ట్యూబ్ చెత్తబుట్టలో ఉంటే దాన్నీ తీయండి. నిజంగానే అంటున్నాను, చాలా కేసుల్లో సమాధానం దొరికేది అక్కడే.

1. మొదలైన తేదీ రాయండి

"చాలా రోజుల నుంచి ఉంది" అని రాస్తారు. ఒకరికి చాలా రోజులంటే నాలుగు రోజులు, ఇంకొకరికి రెండేళ్ళు. తేదీ గుర్తు లేకపోతే ఏదైనా సంఘటనతో ముడిపెట్టి లెక్కవేయండి. ప్రయాణం నుంచి వచ్చిన వారానికా, పరీక్షల ముందా, జ్వరం తగ్గాకా? "సుమారు 7 వారాలు" అన్నా సరిపోతుంది.

ఆ తర్వాత మధ్యలో ఏం జరిగిందో ఒక వాక్యం. అప్పటి నుంచి అలాగే ఉందా, పెరుగుతోందా, తగ్గి మళ్ళీ వచ్చిందా? తగ్గి మళ్ళీ వచ్చిందంటే ఎన్నిసార్లు, ఎన్ని రోజుల తేడాతో?

ఇక్కడ చాలామందికి తట్టని ప్రశ్న ఇంకొకటి ఉంది. సమస్య మూడు వారాల నుంచి ఉండవచ్చు, కానీ *ఒక్కో మచ్చ* ఎంతసేపు ఉంటోంది? దద్దుర్లలో ఇదే అసలు ఆనవాలు. అవి ఒక చోట లేచి, కొన్ని గంటల్లో మాయమై, మరో చోట లేస్తాయి. డాక్టర్‌తో మాట్లాడే సమయానికి ఒక్కటీ ఉండదు. "ఇప్పుడేమీ లేదండీ, నిన్న మాత్రం ఒళ్ళంతా" అని సిగ్గుపడుతూ చెబుతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ మాటే సగం నిర్ధారణ.

ఎలా తేల్చుకోవాలంటే, ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి పక్కన టైమ్ రాయండి. 24 గంటల తర్వాత చూడండి. గీత లోపల చర్మం మామూలుగా ఉంటే అదే రాయండి. అక్కడే ఉండిపోయి, దురద కంటే నొప్పి ఎక్కువై, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలితే అది మామూలు దద్దుర్ల తీరు కాదు. ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. పెన్ను గీయడం ఇష్టం లేకపోతే అదే చోటును ఉదయం, సాయంత్రం, మర్నాడు ఉదయం ఫోటో తీసినా పని జరుగుతుంది.

2. ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది

ఇది రెండు ముక్కల్లో అయిపోతుంది. మొదటి మచ్చ ఎక్కడ వచ్చింది, తర్వాత ఎక్కడికి వెళ్ళింది, ఒంటికి ఒక వైపే ఉందా రెండు వైపులా ఉందా. ఫోటోలో పెట్టని చోట్లు ఏవైనా ఉంటే మాటల్లో రాయండి: తల, గోళ్ళు, వేళ్ళ సందులు, గజ్జలు, నోటి లోపల. గజ్జల సంగతి రాయడానికి మొహమాటపడి చేతి మీది చిన్న మచ్చ ఒక్కటే పంపేవాళ్ళు చాలామంది. అక్కడి ఫోటో పంపనవసరం లేదు, ఉందని రాస్తే చాలు.

3. దురద: అంకె, వేళ, ఇంట్లో మిగతావాళ్ళు

"బాగా దురద" అనే బదులు 0 నుంచి 10 మధ్య ఒక అంకె వేయండి. 0 అంటే లేనే లేదు, 10 అంటే ఊహించగలిగినంత భరించలేని దురద. ఈ అంకెకు కొలబద్ద నిద్ర. దురద వల్ల రాత్రి లేస్తున్నారా, ఎన్నిసార్లు? లేవడం లేదంటే 9 వేసేముందు ఒకసారి ఆలోచించండి.

వేళ కూడా ముఖ్యం. పగలు ఓ మాదిరిగా ఉండి, పడుకోగానే విజృంభించి, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, గజ్జల్లో ఉంటే డాక్టర్ మనసు గజ్జి వైపు వెళుతుంది. అప్పుడు వెంటనే అడిగే ప్రశ్న, "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా?" గజ్జి మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 2 నుంచి 6 వారాలు పట్టవచ్చు. కాబట్టి ఒకే మంచం మీద పడుకునేవాళ్ళలో ఒకరు నెల కిందట, ఇంకొకరు ఈ వారం గోక్కోవడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఆ రెండింటినీ మీరు కలిపి ఆలోచించి ఉండరు. ఆలోచించి రాయండి.

దురద లేకపోతే "దురద లేదు" అని రాయండి. ఏమీ రాయకపోతే లేదని అర్థమా, మర్చిపోయారా అన్నది తెలియదు. సెటిరిజిన్ లాంటి మాత్ర వేసుకున్నాక దురద తగ్గితే, మాత్ర వేసుకోక ముందు అంకె, తర్వాత అంకె రెండూ ఇవ్వండి.

4. నొప్పి: ఎలాంటిది, మచ్చకు ముందా తర్వాతా

నొప్పికి మన దగ్గర మాటలకు కొదవ లేదు. మంట, పోటు, సలుపు, సూదులతో గుచ్చినట్టు, కరెంట్ కొట్టినట్టు, ముట్టుకుంటే జివ్వుమనడం. ఏది సరిపోతే అది మీ మాటల్లోనే రాయండి. వైద్య పదాల కోసం వెతకవద్దు.

ఒక్క విషయం మాత్రం కచ్చితంగా చెప్పాలి: నొప్పి ముందా, మచ్చలు ముందా? నడుముకో ఛాతీకో ఒక పక్కన రెండు మూడు రోజులు మంటగా, పోట్లుగా ఉండి, ఆ తర్వాత అదే పక్కన గుంపులుగా నీటి పొక్కులు లేస్తే సర్పి అని అనుమానించాలి. కొన్నిచోట్ల దీన్నే అక్కి అంటారు. పొక్కులు కనబడిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే ఇందులో తేదీతో సరిపెట్టకండి, మొదటి పొక్కు ఏ పూట కనిపించిందో కూడా రాయండి. కన్ను దగ్గర, నుదుటి మీద, ముక్కు కొన మీద వస్తే మెసేజ్‌కు జవాబు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

కాలు ఒక చోట ఎర్రబడి, వేడిగా, వాచి నొప్పి పెడుతుంటే ఆ ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి టైమ్ వేయండి. కొన్ని గంటల్లో ఎరుపు గీత దాటితే ఆ సంగతి ఫోటోతో పాటు పంపి, అదే రోజు నేరుగా చూపించుకోండి. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్ళకు ఎరుపు సరిగా తెలియదు. అలాంటప్పుడు చేతి వెనుక వైపుతో తాకి, రెండో కాలి కంటే వేడిగా ఉందా చూసి రాయండి. అంచు కనబడకపోతే, వాపు చేతికి గట్టిగా తగిలే చోటు చివర వెంట గీత వేయండి.

నొప్పీ లేదు, దురదా లేదు అంటే మంచిదేనని వదిలేయకండి. పాలిపోయిన లేదా రాగి రంగు మచ్చ నెలల తరబడి అలాగే ఉంటే దూదితో చిన్న పరీక్ష చేయండి. దూదిని సన్నగా లాగి, కళ్ళు మూసుకుని, ఇంకొకరిని మచ్చ మీద ఒకసారి, పక్కన మామూలు చర్మం మీద ఒకసారి మెల్లగా తాకమనండి. తాకిన ప్రతిసారీ చోటు చూపించాలి. మచ్చ మీద తెలియడం లేదంటే "స్పర్శ లేదు" అని మొదటి వాక్యంలోనే రాయండి. స్పర్శ లేని మచ్చ చూసినప్పుడు ముందుగా ఆలోచించేది కుష్టు గురించి. మందులతో నయమయ్యే జబ్బే, కానీ నరాలు దెబ్బతినక ముందే పట్టుకోవాలి.

5. మందులు: రెండు జాబితాలు

అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఈ మెట్టు దగ్గరే. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "ఏమీ లేవండీ" అంటారు. పది నిమిషాల తర్వాత బీపీ మాత్ర, మొన్న పంటినొప్పికి వేసుకున్న మాత్ర, పక్కింటివాళ్ళిచ్చిన ట్యూబ్ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అందుకే రెండు జాబితాలుగా విడగొట్టండి.

*మొదటి జాబితా: మచ్చలు రాకముందు వాడినవి.* వీటివల్లే మచ్చలు వచ్చి ఉండవచ్చు. మచ్చలు రావడానికి ముందు రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన ప్రతి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ రాయండి. మందు పడక ఒళ్ళంతా ఎర్రగా పేలడం సాధారణంగా కొత్త మందు మొదలైన 4 నుంచి 14 రోజుల మధ్య కనిపిస్తుంది. "నిన్న వేసుకున్న మాత్ర వల్లే" అని మీరు అనుకుంటున్నప్పుడు, అసలు కారణం పోయిన వారం మొదలుపెట్టిన యాంటీబయాటిక్ అయి ఉండవచ్చు. మూర్ఛ మందులు, యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ లాంటివి ఇంకా ఆలస్యంగా, వారాల తర్వాత కూడా ఇబ్బంది పెట్టగలవు.

నొప్పి మాత్ర వేసుకున్నప్పుడల్లా *అదే చోట* నల్లటి గుండ్రటి మచ్చ లేస్తుంటే ఆ సంగతి ప్రత్యేకంగా రాయండి. మందు వల్ల వచ్చే మచ్చల్లో ఇది ఒక రకం, ఫోటో కంటే "అదే చోట" అన్న మాటే దీన్ని పట్టిస్తుంది.

*రెండో జాబితా: మచ్చలు వచ్చాక వాడినవి.* ఇవి రూపం మార్చేస్తాయి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీములు తామర మీద రాస్తే ఎరుపు, దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. ఉంగరంలాంటి అంచు చెదిరిపోతుంది, పొలుసులు పోతాయి. ఫోటో చూసిన డాక్టర్‌కు తామర తామరలా కనబడదు.

ప్రతి ట్యూబ్‌కీ ఇవి రాయండి: పేరు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, రాస్తే ఏమైంది, ఆపితే ఏమైంది, చివరిసారి ఎప్పుడు రాశారు. ట్యూబ్ పేరు టైప్ చేసే బదులు, లోపల ఉన్న మందుల పేర్లు చిన్న అక్షరాలతో రాసి ఉండే వైపు ఫోటో తీయడం మేలు. దాదాపు ఒకే పేరుతో, చివర ఒక అక్షరం తేడాతో రెండు ట్యూబులు ఉంటాయి, లోపలి మందు వేరు. ఆకు పసర్లు, నూనెలు, మూలికల పొడులు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. తిట్టడానికి అడగడం లేదు, ఫోటో అర్థం కావడానికి అడుగుతున్నాను.

హెచ్చరిక ఒకటి. అనుమానం వచ్చిందని బీపీ, షుగర్, మూర్ఛ మందులు, ఎక్కువకాలంగా వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. అడిగి ఆపండి. పైన చెప్పిన అత్యవసర లక్షణాలుంటే ఆ స్ట్రిప్పులతో నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి.

6. జ్వరం: అంకె, టైమ్, వరుస

"ఒళ్ళు వెచ్చగా ఉంది" అన్నది జ్వరం కాకపోవచ్చు. థర్మామీటర్ పెట్టి అంకె రాయండి. చంకలో పెట్టారా, నోట్లో పెట్టారా కూడా రాయండి, చంకలో కొంచెం తక్కువ చూపిస్తుంది. పారాసెటమాల్ వేసుకుని ఉంటే ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఎన్ని గంటలకు చూశారు? మాత్ర వేసుకున్న గంటన్నరకు చూసి "జ్వరం లేదు" అని రాస్తే డాక్టర్‌ను దారి తప్పించినట్టే.

వరుస కూడా కావాలి. తట్టులో జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం ముందు వస్తాయి, రెండు నుంచి నాలుగు రోజులకు మచ్చలు చెవుల వెనుక, ముఖం మీద మొదలై కిందికి పాకుతాయి. ఆటలమ్మలో జ్వరం, పొక్కులు దాదాపు కలిసే వస్తాయి. కాబట్టి "జ్వరం సోమవారం, మచ్చలు బుధవారం" అన్న చిన్న వాక్యం చాలా పని చేస్తుంది. కీళ్ళ నొప్పులు, గొంతు నొప్పి, కళ్ళు ఎర్రబడటం, నోట్లో పుండ్లు ఉన్నాయా లేవా ఒక్కో మాటలో రాసేయండి.

7. మీ గురించి ఒక్క లైన్

వయసు, షుగర్ ఉందా, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉందా, గర్భం లేదా పాలిచ్చే సమయమా, గతంలో ఏ మందైనా పడలేదా. పిల్లలైతే బరువు కిలోల్లో, ఎందుకంటే మోతాదు బరువును బట్టి ఉంటుంది.

ఒక కేసు చూద్దాం

ఇలాంటి మెసేజ్‌లు నాకు ఎన్నో వస్తాయి. వాటి తీరు చూపించడానికి కల్పించిన ఉదాహరణ ఇది: "డాక్టర్ గారూ, తొడ మీద మచ్చ. దురదగా ఉంది. ఏం రాయాలి?" ఫోటోలో అరచేతంత గోధుమ-ఎరుపు మచ్చ, అంచు స్పష్టంగా లేదు, పొలుసులు లేవు. ఇది చూసి ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ క్రీమ్ చెప్పడం తేలిక.

అదే మనిషి పై మెట్లన్నీ చూసుకుని రాస్తే ఇలా ఉంటుంది:

"వయసు 34, షుగర్ లేదు, గర్భం లేదు. 7 వారాల కిందట కుడి గజ్జలో రూపాయి బిళ్ళంత ఉంగరంలా మొదలైంది, ఇప్పుడు తొడ మీదికి పాకింది. దురద 7, రాత్రి ఒకసారి లేస్తున్నాను. నొప్పి లేదు, స్పర్శ ఉంది. ట్యూబ్ ఫోటో పెట్టాను. రోజుకు 2 సార్లు 10 రోజులు రాశాను, బాగా తగ్గింది. ఆపిన 5 రోజులకు ఇంకా పెద్దదై వచ్చింది. ఇలా 3 సార్లు అయింది. చివరిసారి ఈ ఉదయం రాశాను. మచ్చకు ముందు కొత్త మందులు ఏవీ లేవు. జ్వరం లేదు, ఈ ఉదయం చంకలో 97.8. మా ఆయనకు నడుము దగ్గర ఇలాంటిదే ఉంది."

ట్యూబ్ వెనుక చదివితే అందులో క్లోబెటాసోల్ ఉంది. ఉంగరంలా మొదలవడం, రాస్తే తగ్గి ఆపితే పెరగడం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం, ఇవన్నీ కలిసి స్టెరాయిడ్ చాటున దాక్కున్న తామరను చూపిస్తున్నాయి. ఇప్పుడు చేయాల్సింది దాదాపు తిరగబడింది. ఆ ట్యూబ్ ఆపాలి, చర్మం గీకి ఫంగస్ పరీక్ష చేయించాలి, ఫంగస్ మందు ఇద్దరికీ ఇవ్వాలి. ట్యూబ్ ఆపాక మొదటి వారం ఎరుపు, దురద పెరగవచ్చని కూడా ముందే చెప్పవచ్చు, లేకపోతే భయపడి మళ్ళీ అదే రాసుకుంటారు. ఫోటో మాత్రం రెండుసార్లూ అదే.

తరచూ జరిగే పొరపాట్లు

లక్షణాల బదులు జబ్బు పేరు రాయడం మొదటిది. "నాకు అలర్జీ ఉంది, మందు చెప్పండి" అంటే అది మీ నిర్ణయం, అందులో నాకు పనికొచ్చే సమాచారం లేదు. మీ అనుమానం రాయాలనిపిస్తే చివర్లో రాయండి.

పాత ఫోటో, కొత్త వివరాలు కలిపి పంపడం ఇంకొకటి. వారం కిందటి ఫోటోకు ఈ రోజు జ్వరం అంకె జోడిస్తే రెండూ ఒకే రోజువి అనుకుంటాం. ప్రతి ఫోటోకీ తేదీ పెట్టండి.

ఇంట్లో వేరొకరి తరఫున రాసేటప్పుడు వాళ్ళను అడగకుండా రాయకండి. "అమ్మకు నొప్పేమీ లేదు" అని కొడుకు రాస్తాడు. ఫోన్ అమ్మకిస్తే రెండు రాత్రులుగా నిద్ర లేదని తెలుస్తుంది.

పంపేముందు సరిచూసుకోండి

ఫోటో చూపించకుండా మీ నోట్ ఒక్కటే ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. ఎప్పుడు మొదలైంది, ఈ రోజు ఎలా ఉంది, మచ్చ మీద చివరిసారి ఏ మందు రాశారు, ఎప్పుడు? ఈ ప్రశ్నలకు వాళ్ళు తడుముకోకుండా జవాబు చెబితే నోట్ సిద్ధం. తర్వాత "చాలా", "కొంచెం", "అప్పుడప్పుడు" అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి వాటి బదులు అంకెలు పెట్టండి. దురద, నొప్పి, జ్వరం, మందులు నాలుగూ ఉన్నాయా లేవా రాశారో లేదో చూడండి.

మందు మొదలుపెట్టాక మళ్ళీ పంపేటప్పుడు మొత్తం కథ అక్కర్లేదు. తేదీ, ఎన్నో రోజు, దురద అంకె అప్పుడెంత ఇప్పుడెంత, అదే చోటి ఫోటో. గజ్జికి మందు సరిగా వాడినా దురద 2 నుంచి 4 వారాలు ఉండవచ్చు, అందుకే అంకె తగ్గుతోందా, కొత్త పొక్కులు వస్తున్నాయా అన్న రెండూ విడివిడిగా రాయండి. నేరుగా రమ్మంటే ఆ ఉదయం మచ్చ మీద ఏమీ రాయకుండా, ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, ఖాళీదానితో సహా.